ఊరి నుంచి తెచ్చిన చుక్కల మందు, అమెరికాలో కొన్న చుక్కల మందు: చంటిబిడ్డకు రెండింటిలో ఒక్కటే వేయండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికాకు కొత్తగా వచ్చి ఇక్కడే కాన్పయిన ఇళ్లలో ఒక గందరగోళం తరచూ చూస్తున్నాను. పిల్లల డాక్టర్ విటమిన్ డి చుక్కలు వేయమంటారు. సాయానికి వచ్చిన అవ్వ ఊళ్లో మందుల షాపులో కొన్న సీసాలు తెస్తుంది. బలానికే కదా అని అన్నీ వేస్తారు.

తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పాలు తాగే బిడ్డకు పుట్టిన మొదటి రోజుల నుంచే రోజుకు 400 యూనిట్లు ఇవ్వమంటారు. కొన్ని సీసాల మీద దీన్నే 10 మైక్రోగ్రాములని రాస్తారు. ఇండియాలో చెప్పే మోతాదూ ఇదే. తేడా అంతా సీసాలోనే. మన దగ్గర డి3 చుక్కలు చాలావరకు ఒక ఎం.ఎల్.కు 400 లేదా 800 యూనిట్లు ఉంటాయి. ఇక్కడ కొన్ని రకాల్లో ఒక్క చుక్కలోనే 400 ఉంటాయి.

రెండు నెలల బిడ్డనే తీసుకోండి. పొద్దున అమ్మ ఇక్కడి సీసా నుంచి ఒక చుక్క వేసింది: 400. స్నానమయ్యాక అవ్వ ఊరి డి3 సీసా నుంచి ఒక ఎం.ఎల్. పోసింది: 800. సాయంత్రం మల్టీవిటమిన్ ఒక ఎం.ఎల్., అందులోనూ డి ఉంది: 400. మొత్తం 1,600. ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 1,000 దాటకూడదు. ఒకరోజు ఇలా జరిగితే టెన్షన్ పడక్కర్లేదు, రోజూ జరిగితేనే ప్రమాదం.

ఇంతకంటే పెద్ద పొరపాటు, ఒక్క చుక్కే వేయాల్సిన ఇక్కడి మందును డ్రాపర్‌తో ఒక ఎం.ఎల్. పోయడం. అందులో 30 చుక్కలైనా ఉంటాయి, అంటే 12,000 యూనిట్లు. ఏ సీసా డ్రాపర్ ఆ సీసాకే వాడండి.

మల్టీవిటమిన్ పేరు చూసి అది వేరే మందనుకోకండి. పెట్టె వెనక డి ఎంత ఉందో చదవండి. నాలుగో నెలలో డాక్టర్ ఐరన్ కలిసిన మల్టీవిటమిన్ రాస్తే, ‘ఇందులో డి ఉందా? పాత డి చుక్కలు ఆపాలా?’ అని అక్కడే అడగండి. చాలామంది పాతది ఆపకుండా కొత్తది మొదలుపెట్టేది అప్పుడే. ఇంట్లో వాడే సీసా ఒక్కటే బయట ఉంచి, మిగతావి సూట్‌కేసులో పెట్టేయండి. అవ్వకు నచ్చజెప్పండి, ఆమె తెచ్చింది ప్రేమతోనే.

ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండింతలు వేయకండి, మామూలు మోతాదే చాలు. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. బిడ్డ పాలు వద్దంటుంది, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, మగతగా పడి ఉండటం కనిపిస్తాయి. ఇవి కనిపిస్తే చుక్కలు ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించండి. పొరపాటున ఎక్కువ పోశామని తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా, సీసా చేతిలో పెట్టుకుని అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయండి. రాత్రయినా ఎత్తుతారు, డబ్బులు అడగరు.