ఫోన్, ఇద్దరు నటులు, ఒక అరుగు: పర్లాకిమిడిలో షార్ట్ ఫిల్మ్ ఐడియా ఎలా పుట్టించాలి, ఎలా తీయాలి?

ఇద్దరే నటులు, ఒకటే లొకేషన్ అనగానే మనోళ్ళు ఫస్ట్ ట్విస్ట్ కోసం ఎతుకుతారు, చివర్లో ఇద్దర్లో ఒకడు దెయ్యం అని తేలడం, లేదా అంతా కల అని తేలడం, ఇంకా లేదంటే ఇద్దరూ ఒకడే అనడం. ఇవి రాయడం సులువు, చూసేవాడు రెండో నిమిషంలోనే కనిపెట్టేయడం ఇంకా సులువు. అందుకే ట్విస్ట్ పక్కన పెట్టి ముందు మూడు ప్రశ్నలు వేస్కోండి: ఈ ఇద్దర్లో ఒకరికి కావాల్సింది ఏంటి, రెండోవాళ్ళు అది ఎందుకివ్వట్లేదు, మరి ఇద్దర్లో ఎవరూ లేచి వెళ్ళిపోకుండా ఆపేది ఏంటి. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఐడియా ఉన్నట్టే. మూడోది దొరక్కపోతే మాత్రం ఎంత మంచి డైలాగులు రాసినా, "కోపమొస్తే లేచి పోవచ్చు కదా" అని చూసేవాడికి అనిపిస్తది, అక్కడితో సినిమా అయిపోయినట్టే.

స్టెప్ 1: చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి వెతకండి

గొడవ గాల్లో ఉంటే ఫోన్ కెమెరాకి తీయడానికి ఏమీ ఉండదు. గొడవ ఒక వస్తువు మీద ఉండాలి. మన ఊళ్ళో రోజూ కనిపించేవే చూడండి. మొబైల్ రిపేర్ షాపు, డిస్‌ప్లే మార్చాక టచ్ చెక్ చెయ్యాలంటే ప్యాటర్న్ కావాలంటాడు మెకానిక్, కుర్రోడు చెప్పడు, ఫోన్ లేకుండా ఇంటికీ పోలేడు. లేదంటే టైలర్ షాపు, ఈ రాత్రే పెళ్ళి, బ్లౌజు కుట్టడం అయిపోయింది కానీ పాత బాకీ కడితేనే ఇస్తానంటది టైలరమ్మ. రెండిట్లోనూ వస్తువు కళ్ళముందే ఉంది, లేచి పోలేని కారణం కూడా వస్తువులోనే ఉంది. ఈ రెండూ ఎవరైనా తీసుకోవచ్చు, మూడోది మాత్రం కాస్త లోతుగా చూద్దాం, ఎందుకంటే అది ఆంధ్రా, ఒడిశా బోర్డర్‌లో ఉన్న మన ఊళ్ళకే కుదిరే కథ.

పర్లాకిమిడిలో ఒక పాత పెంకుటిల్లు, అరుగు. తమ్ముడు ఇక్కడే ఉంటాడు, అప్పని టెక్కలి వైపు ఇచ్చారు. నాన్న పోయాక ఇల్లు తన పేరు మీద రాయించుకోవాలని తమ్ముడి కోరిక, దానికి అప్ప తన వాటా వదులుకోవాలి. 2005లో హిందూ వారసత్వ చట్టం మారాక తాతల నాటి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది, అందుకే అప్ప సంతకం లేకుండా వాడి పని జరగదు. ఇక్కడ ఒక జాగ్రత్త, ఇంట్లో కూర్చుని కాయితం మీద సంతకం పెడితే ఆ పని అయిపోదు, అది రిజిస్టర్ అవ్వాలి. కాబట్టి సినిమాలో ఆ కాయితాన్ని డ్రాఫ్ట్ అనే చెప్పించండి, రేపు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి, ఈరోజు అప్ప "సరే" అంటే చాలు. లేకపోతే ఇలాంటి పనుల మీద ఆఫీసుల చుట్టూ తిరిగినోడెవడైనా ముందు ఇదే పట్టుకుంటాడు.

అప్ప ఎందుకు లేచి పోదు? టెక్కలి బస్సు ఇంకా రాలేదు. తమ్ముడు ఎందుకు పోడు? బస్సొస్తే ఆవిడ వెళ్ళిపోద్ది, మళ్ళీ ఎప్పుడొస్తదో.

స్టెప్ 2: కథని కాయితం చుట్టూ తిప్పండి

కాయితం ఒడియాలో ఉంది. అప్పని మూడో క్లాసులోనే బడి మాన్పించేసారు, తమ్ముడిని ఎత్తుకోడానికి. కాబట్టి ఆవిడకి చదవడం రాదని వాడి నమ్మకం. ఆవిడ కాదనదు, ఔననదు, "ఏటి రాసున్నాదో చదివి చెప్పరా" అంటది. చూసారా, ఈ ఒక్క మాటతో రెండు పనులైపోయాయి. విషయం ఏంటో ప్రేక్షకుడికి చెప్పాల్సిన బాధ తీరింది, పైగా "ఈ ఇంటి మీద మా అప్పకి ఏ హక్కూ లేదు" అనే మాట అప్ప మొహం చూస్తూ తమ్ముడే పైకి అనాల్సి వచ్చింది. వాడు తడబడతాడు, ఒక లైను మింగేస్తాడు, పెరటి జాగా గురించి ఉన్న లైను అది.

చదవడం అయ్యాక ఆవిడ నెమ్మదిగా, "మూడో లైను వదిలేసావు, నాయినా" అంటది. అంతే క్లైమాక్స్. ఆవిడకి ఒడియా వచ్చు. చిన్నప్పుడు వాడికి మాస్టారు అక్షరాలు దిద్దిస్తుంటే గుమ్మం దగ్గర కూర్చుని చూసి నేర్చుకుంది, అది వాడికి తెల్దు.

ఇది కూడా ట్విస్టే కదా అనొచ్చు. తేడా ఏంటంటే దీనికి ముందే ఆధారం పెట్టొచ్చు, పెట్టాలి కూడా. మొదటి నిమిషంలో అప్ప గోడ మీద ఒడియా క్యాలెండర్ ముందు నిలబడి, "పున్నమి ఎల్లుండే గావాల" అని ఊరికే అంటది. అప్పుడెవరూ పట్టించుకోరు, చివర్లో గుర్తొస్తది. ఆ డైలాగు మీద క్లోజప్ వేసారంటే మాత్రం దొరికిపోతారు, దూరం నుంచి, చీర కొంగు సర్దుకుంటూ అనేయాలి.

రాసేటప్పుడు ఒక పేజీకి సుమారు ఒక నిమిషం అనుకోండి, ఈ కథకి ఐదారు పేజీలు చాలు. మొదటి పేజీలో కాయితం బయటికి రాకూడదు, టీ, పిల్లల కబుర్లు, బస్సు టైము. రెండో పేజీలో వాడు కాయితం అరుగు మీద పెడతాడు, ఆవిడ దాని మీద టీ గ్లాసు పెట్టేస్తది. అక్కణ్ణుంచి ఆ గ్లాసు ఎవరు తీస్తారన్నదే టెన్షన్. తమ్ముడు "నీ కోసమే అప్పా, నీకు తర్వాత ఇబ్బంది ఉండకూడదని" లాంటి మాటలు అంటుంటాడు గానీ నాకు ఇల్లు కావాలి అని మాత్రం ఎక్కడా అనడు. ఇద్దరూ మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేసుకుంటే మూడో పేజీకే కథ అయిపోతది.

స్టెప్ 3: ఎండ చూసి టైము పెట్టుకోండి

అరుగు మంచి లొకేషన్, పైన చూరు నీడ, ముందు నుంచి ఆకాశం వెలుతురు, లైట్లు కొనక్కర్లేదు. తంటా ఏంటంటే ఎండ నడుస్తది. ఉదయం తీసిన షాట్‌లో నీడ గుమ్మం దగ్గరుంటే పదకొండుకి తీసిన షాట్‌లో అరుగు అంచుకొచ్చేస్తది, రెండూ పక్కపక్కన అతికిస్తే మాట మధ్యలో పూట మారిపోయినట్టు ఉంటది. అందుకే అరుగు, వీధి మొత్తం కనిపించే వైడ్ షాట్లు ముందే, ఒకే గంటలో లాగించేయండి. తర్వాత క్లోజప్‌లు, వాటి వెనక గోడ ఒక్కటే కనిపిస్తది కాబట్టి నీడ జరిగినా తెలీదు.

ఫోన్‌లో వెనక కెమెరా, 1x లెన్స్ వాడండి. జూమ్ వద్దు, దగ్గరికి నడవండి. 1080p చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ గానీ చవక ఎల్‌ఈడీ బల్బు గానీ ఫ్రేమ్‌లో ఉంటే 30 ఫ్రేములకి వెలుగు వణుకుతున్నట్టు పడొచ్చు, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే సాధారణంగా పోతది. మీ ఫోన్ కెమెరాలో ఆ ఆప్షన్ లేకపోతే ఆండ్రాయిడ్‌కి Open Camera అని ఫ్రీ యాప్ ఉంది, ఏయే సెట్టింగులు వస్తాయన్నది మాత్రం ఫోన్‌ని బట్టి ఉంటది.

ఈ కథకే ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి తెల్ల కాయితం. వాడు దాన్ని పైకెత్తగానే ఫోన్, అమ్మో వెలుగెక్కువైంది అనుకుని మొత్తం ఫ్రేమ్‌ని డార్క్ చేసేస్తది, ఇద్దరి మొహాలూ నల్లబడిపోతాయి, కాయితం దించగానే మళ్ళీ తెల్లబడతాయి. చిన్న స్క్రీన్‌లో ఇది తెలీదు, ఎడిటింగ్‌లో తెలుస్తది. మందు ఏంటంటే కాయితం ఫ్రేమ్‌లో ఉండగానే నటుడి మొహం మీద వేలు నొక్కి పట్టుకోండి, ఐఫోన్‌లో AE/AF LOCK అని పడతది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం బొమ్మొస్తది. ఇంకా మంచిది, కాస్త పసుపుపచ్చగా ఉన్న పాత లెడ్జర్ కాయితం వాడండి. అందులో నిజం పేర్లు, నిజం సర్వే నంబర్లు వద్దు, ఒడియా బాగా వచ్చినవాళ్ళ చేత రాయించండి, ఎందుకంటే పాజ్ చేసి చదివేవాళ్ళు మన దగ్గర బోలెడుమంది.

స్టెప్ 4: చదివే సీన్‌లో కెమెరా ఎవరి మీద?

అందరూ చదివేవాడి మీద పెడతారు. ఇక్కడ అప్ప మీద పెట్టండి. తమ్ముడి గొంతు ఫ్రేమ్ బయట నుంచి వినిపిస్తది, మనం ఆవిడ కళ్ళు చూస్తాం. వాడు లైను మింగిన చోట ఆవిడ కళ్ళు ఒక్కసారి కాయితం వైపు వెళ్ళి వెనక్కొస్తాయి, నటికి చెప్పాల్సింది అంతే, మొహంలో బాధ చూపించమని చెప్పొద్దు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది, తమ్ముడి వేషం వేసినోడు డైలాగు బట్టీ పట్టక్కర్లేదు, చూసే చదువుతాడు.

ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరాని ఎప్పుడూ దానికి ఒకే వైపు ఉంచండి. అప్ప కుడి వైపు చూస్తుంటే తమ్ముడు ఎడమ వైపు చూడాలి. గీత దాటారంటే ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు పడి ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాదు.

స్టెప్ 5: సౌండ్, దీనికి బద్ధకించొద్దు

కెమెరా ఫోన్ నాలుగడుగుల దూరంలో ఉంటే ఆటోలే వినిపిస్తాయి, మాటలు కాదు. రెండో ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, నటుల మధ్య టీ పళ్ళెం వెనక దాచేయండి. ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట్లు, చివర ఇంకొకటి కొట్టండి. మొదటిది వీడియో, ఆడియో కలపడానికి. చివరిది ఎందుకంటే చాలా ఫోన్లు వీడియోని కచ్చితంగా ఒకే స్పీడులో రికార్డు చేయవు, షాట్ పొడుగైతే మాట పెదాల నుంచి జారిపోతది, రెండో చప్పట్లు కలవకపోతే జారిందని తెలిసిపోద్ది. షాట్లు రెండు నిమిషాలకి మించకుండా చూసుకుంటే ఈ గొడవ చాలావరకు రాదు. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి, చివర్లో అందరూ నోరు మూసుకుని అరుగు మీది ఉత్త శబ్దం అర నిమిషం రికార్డు చేయండి, కట్‌ల మధ్య ఖాళీల్లో అదే వేయాలి.

స్టెప్ 6: కట్ చేసాక ఒకరికి చూపించండి

కథ తెలియని మనిషికి చూపించి బాగుందా అని అడక్కండి, బాగుందనే అంటారు. "ఆవిడకి చదవడం వచ్చని నీకెప్పుడు తెలిసింది?" అని అడగండి. క్యాలెండర్ దగ్గరే తెలిసిందంటే ఆ షాట్ పొట్టి చేయండి, లేదా ఆ డైలాగు మీద టీ గ్లాసుల చప్పుడు వేయండి. "మూడో లైను" అన్నాక కూడా అర్థం కాలేదంటే, వాడు చదివేటప్పుడు ఆగిన చోట ఇంకో సెకను ఉంచాలి. ఆవిడ సంతకం పెడతానందా లేదా అని వాళ్ళు మిమ్మల్నే తిరిగి అడిగితే ఇంకేం ముట్టుకోవద్దు, ఎక్స్‌పోర్ట్ కొట్టేయండి.