ఇంటర్ పిల్లలకు కెరీర్ క్లాస్ తీస్కునే ముందు ఇవి చూస్కోండ్రి

మన నల్గొండ దిక్కు సెకండియర్ పిల్లలతోని డెసిషన్ మ్యాట్రిక్స్, అంటే ఒక్కో కోర్సును ఒక్కో వరుసల రాసి ఫీజు, ఇష్టం, దూరం లాంటి వాటికి మార్కులేసి పోల్చే పట్టిక, చేయించేటోళ్లు ముందుగాల ఎలిజిబిలిటీ చూడుండ్రి, బయాలజీ లేని పిల్ల ఎంబీబీఎస్ రాస్తే ఆ వరుస అక్కడ్నే కొట్టేయాలె.

దేనికెంత ప్రాధాన్యమో చెప్పే వెయిటేజీలు మార్కుల కన్నా ముందే పెన్నుతోని రాయించాలె, లేకుంటే మనసుల ఉన్న కోర్సే గెలిచేటట్టు తర్వాత దిద్దుకుంటరు, నా క్లాసుల గిదే అయింది.

ఫీజుకు మార్కులు ఉల్టా, ఫీజు తక్కువుంటేనే 5.

బోర్డు మీద వేసే లెక్క ఇంట్లనే చేస్కొని పోండ్రి. వెయిటేజీ ఫీజుకు 5, ఇష్టానికి 3, దూరానికి 2 అనుకోండ్రి. బీటెక్‌కు వరుసగ 2, 5, 3 మార్కులిస్తే గుణించి కలిపితే 31, ఊరి దగ్గరి డిగ్రీకి 4, 3, 4 ఇస్తే 37. ఇప్పుడు ఫీజుకు 3, ఇష్టానికి 5 చెయ్యండ్రి, బీటెక్ 37, డిగ్రీ 35, మొత్తం తిరగబడ్డది. గిట్ల తిరగబడితే పిల్లను ఇంట్ల అమ్మనాయినతోని ఫీజు ముచ్చట మాట్లాడి రమ్మనాలె, ఆ రోజే ఫైనల్ చేయించొద్దు.