నెలకు మూడున్నర వేల కిలోమీటర్ల బండి – 2వ పాఠం: ఆయిల్ పుల్ల, చైన్

మొదటి పాఠంలో టైర్లు, బ్రేకులు, లైట్లు చూశాం. ఈసారి ఇంజన్ ఆయిల్, చైన్. టైరు పంచరైతే బండి అక్కడే ఆగుతుంది, అరగంటలో అతుకు పడుతుంది. ఆయిల్ తగ్గినా చైన్ సాగినా బండి ఆగదు. డెలివరీ ఆర్డర్లు అందుతూనే ఉంటాయి, లోపల అరుగుతూనే ఉంటుంది. ఆగిన రోజున మాత్రం షెడ్డులో మూడు నాలుగు రోజులు ఉండాల్సి వస్తుంది.

ఈ పాఠం గేర్లున్న 100, 125 సీసీ బైకులకు. స్కూటర్‌కు చైన్ ఉండదు, బెల్టు ఉంటుంది. దాని సంగతి వేరే పాఠంలో.

ముందు ఒక లెక్క. రోజుకు 140 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే బండి నెలలో 3,640 కిలోమీటర్లు పోతుంది. మీ మాన్యువల్‌లో ఆయిల్ మార్చడానికి 6,000 కిలోమీటర్లు అని ఉందనుకుందాం. ఆఫీసుకు రోజూ 20 కిలోమీటర్లు తిరిగేవారికి అది 300 రోజుల మాట. మీకు 43 పని దినాలు. ‘మూడు నెలలకోసారి సర్వీసు’ అనే అలవాటు పట్టుకుని కూర్చుంటే 10,900 కిలోమీటర్లు అదే ఆయిల్‌తో తిరిగినట్టు. అందుకే క్యాలెండర్ పక్కన పెట్టి మీటరు చూడాలి. ఆయిల్ మార్చిన రోజు రీడింగును ఒక కాగితం ముక్క మీద రాసి సీటు కింద అతికించండి.

పొద్దున చూసే వరుస

ఈ వరుసను ఆయిలే నిర్ణయిస్తుంది. బండిని చదునైన చోట, ఆరుబయట సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా మూడు నిమిషాలు వదలండి. ఆ మూడు నిమిషాల్లో ముందు టైరు, లైట్లు, హారన్, ఇండికేటర్లు చూసేయవచ్చు. వెనక చక్రం జోలికి ఇప్పుడే వెళ్లకండి. న్యూట్రల్‌లో ఉన్నా అది మెల్లగా తిరుగుతూ ఉండొచ్చు.

తర్వాత ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. పైన హెడ్‌లోకి ఎక్కిన ఆయిల్ కిందికి దిగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆపిన వెంటనే పుల్ల తీసి చూస్తే ఆయిల్ తక్కువ చూపిస్తుంది. అది చూసి కంగారుపడి పోస్తే ఎక్కువైపోతుంది. ఈ రెండు మూడు నిమిషాలే చైన్‌కు, వెనక టైరుకు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండూ ఒకేసారి చూడవచ్చు. చివరగా ఆయిల్ పుల్ల. మొత్తం కలిపి పది నిమిషాలు దాటదు.

ఇంజన్ నడుస్తుండగా గేరు వేసి, తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడవడం కొందరికి అలవాటు. గుడ్డ స్ప్రాకెట్ పళ్లలో చిక్కుకుంటే దాంతోపాటు వేళ్లూ పోతాయి. చైన్ మీద చెయ్యి పడేది ఇంజన్ ఆగాకే.

చైన్

చాలా బైకులకు చైన్ మీద నిండా కవర్ ఉంటుంది. దాని కింది భాగంలో ఒక రబ్బరు మూత ఉంటుంది, తీస్తే చైన్ కనిపిస్తుంది. కింది వరస మధ్యలో చైన్‌ను వేలితో పైకి నొక్కి, తర్వాత కిందికి లాగి, మొత్తం ఎంత ఆడుతోందో స్కేలుతో చూడండి. ఈ సైజు బైకులకు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించాలి. కొలిచేటప్పుడు డెలివరీ బ్యాగు దించేయండి, బండి మీద ఎవరూ కూర్చోకూడదు.

వేలితో ఆట చూడడం రోజూ చేసే పని. స్కేలు వారానికోసారి చాలు. అయితే స్కేలు పట్టిన రోజు ఒకచోట కొలిచి ఊరుకోకూడదు. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల కొలవాలి. ఒక బండిలో 38, 35, 24, 36 వచ్చాయనుకుందాం. 38 ఉన్నచోట కొలిచి, లూజుగా ఉందని దాన్ని 25కు బిగిస్తే, 24 ఉన్నచోట పదకొండుకు పడిపోతుంది. అక్కడికి వచ్చిన ప్రతిసారీ చైన్ తీగలా బిగుసుకుంటుంది. పైగా సీటు మీద మనిషి, వెనక బ్యాగు బరువు పడ్డాక వెనక చక్రం పైకి కదిలి ఆట ఇంకా తగ్గుతుంది. ఆ లాగుడంతా ముందు స్ప్రాకెట్ ఉన్న షాఫ్టు బేరింగు మీద, వెనక చక్రం బేరింగుల మీద పడుతుంది. షాఫ్టు బేరింగు పోతే దాన్ని మార్చడానికి ఇంజన్ దించి విప్పాలి. లూజు చైన్ కనీసం కవర్‌కు తగిలి టకటకమని చెబుతుంది, టైటు చైన్ ఏమీ చెప్పదు. రెండింట్లో నన్నడిగితే టైటే ప్రమాదం.

కాబట్టి సూత్రం ఇది: నాలుగింట్లో అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటును చూసి సర్దాలి. పై ఉదాహరణలో బిగువుచోటు 24 దగ్గర సరిగ్గానే ఉంది, తక్కినవి సాగిపోయాయి. ఇది ఇక బిగిస్తే బాగుపడే చైన్ కాదు. ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, చైన్ మూడూ కలిపి సెట్టుగా మార్చడానికి రోజులు దగ్గరపడ్డాయి. చైన్ ఒక్కటే కొత్తది వేస్తే అరిగిన పళ్లు దాన్ని కొద్ది రోజుల్లోనే తినేస్తాయి.

నాలుగు కొలతలూ దగ్గరదగ్గరగా ఉండి, అన్నీ లూజుగా ఉంటే బిగించవచ్చు. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న అడ్జస్టర్ నట్లను సమానంగా, ఒక్కో విడతకు పావు చుట్టు చొప్పున తిప్పండి. కొన్ని బండ్లలో ఇరుసు నట్టుతో పాటు స్లీవ్ నట్టు కూడా వదులు చేయాలి. రెండు వైపులా గీతలు ఒకే అంకె దగ్గర ఉండాలి. ఒక గీత తేడా వచ్చినా చక్రం పక్కకు తిరిగి, చైన్ స్ప్రాకెట్‌ను ఒక పక్కనే కోస్తుంది. ఇరుసు నట్టు గట్టిగా బిగించాక నాలుగు చోట్లా మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు ఆట కాస్త మారుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చక్రం వెనక్కి జరిగిందంటే డ్రమ్ము బ్రేకు రాడ్డు కూడా లాగినట్టే. పెడల్ ఆట తగ్గిపోయి, బ్రేకు రాసుకుంటూ ఉంటుంది. సాయంత్రానికి డ్రమ్ము కాలుతుంది, మైలేజీ పడిపోతుంది. అందుకని చైన్ బిగించిన ప్రతిసారీ వెనక చక్రం తిప్పి స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో, బ్రేకు లైటు సమయానికి వెలుగుతోందో లేదో చూసి, రాడ్డు చివరి నట్టు సర్దాలి.

నూనె సంగతి. చైన్‌కు నూనె పొద్దున వేయకండి. పని ముగించి వచ్చాక, చైన్ వేడిగా ఉన్నప్పుడు వేస్తే రోలర్ల సందుల్లోకి దిగుతుంది, రాత్రంతా నిలబడుతుంది. 90 నంబరు గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ కింది వరసకు లోపలివైపు నుంచి పడాలి, చక్రం తిరిగినప్పుడు అది బయటికి పాకుతుంది. పైపైన మిగిలింది తుడిచేయాలి, లేకపోతే దుమ్ము పట్టి సానరాయి అవుతుంది. ఇంజన్ నుంచి దించిన నల్ల ఆయిల్‌ను చైన్‌కు పూయడం షెడ్లలో మామూలే, అందులో ఇనుప రజను ఉంటుంది. వానలో తిరిగిన రోజు రాత్రి తుడిచి నూనె వేయడం తప్పనిసరి.

ఆయిల్ పుల్ల

ఇప్పటికి ఆయిల్ కిందికి దిగి ఉంటుంది. పుల్ల తీసే ముందు దాని చుట్టూ ఉన్న దుమ్ము తుడవండి. పుల్ల తీసి, పోగులు రాలని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ దించండి. చాలా బండ్లలో మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పితే పుల్ల ఇంకా లోతుకు దిగి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీ బండి సంగతి మాన్యువల్‌లో ఒకసారి చూసుకుని ఎప్పుడూ అలాగే చేయండి. ఇంజన్ పక్కన గుండ్రటి అద్దం ఉన్న బండ్లకు పుల్లతో పని లేదు. కింది గీతకూ పై గీతకూ మధ్య ఉండాలి.

ఈ ఇంజన్లలో పట్టే ఆయిల్ ఇంచుమించు ఒక లీటరే. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి వేడిని మోసేది కూడా ఆ లీటరే. పావు లీటరు తగ్గితే మిగిలిన ముప్పావు మరింత కాగి పలచబడుతుంది. ముందు నష్టపోయేది పైన హెడ్‌లో ఉండే క్యామ్, రాకర్లు. అక్కడినుంచి వచ్చే టకటక శబ్దాన్ని ట్యాపెట్ సౌండ్ అనుకుని బిగించుకుంటూ పోతే, తర్వాత పిస్టన్ బోరులో గీతలు పెడుతుంది.

పుల్ల రోజూ చూస్తే చాలదు, తగ్గే వేగం తెలియాలి. ఆయిల్ మార్చినప్పుడు మీటరు 42,310, పుల్ల పై గీత దగ్గర. 43,150కి సగానికి వచ్చింది. 43,990కి కింది గీత తాకింది. అంటే 1,680 కిలోమీటర్లు, సరిగ్గా 12 పని దినాలు. పై గీతకు తేవడానికి 200 మిల్లీలీటర్లు పట్టిందంటే ఈ ఇంజన్ వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 120 మిల్లీలీటర్లు తాగుతోంది. నెలకోసారి చూసే మనిషి ఈ బండిని రెండు వారాలు కింది గీతకు దిగువనే నడుపుతాడు. రోజూ చూసేవాడు పదో రోజునే కలుపుతాడు.

కలిపేటప్పుడు 50 మిల్లీలీటర్ల చొప్పున పోసి, కాసేపు ఆగి మళ్లీ చూడండి. పై గీత దాటితే ఆయిల్ బ్రీతర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరి పొగ మొదలవుతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడాలి, చాలా వాటికి 10డబ్ల్యూ30. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. గేర్ల బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. స్కూటర్లకు అమ్మే ఎంబీ ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

ఆయిల్ ఎటు పోతోందో పొగే చెబుతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే ముందు అనుమానించాల్సింది వాల్వ్ సీళ్లను, అది చిన్న పని. నడుపుతూ ఎక్సలేటర్ తిప్పినంతసేపూ వస్తుంటే రింగులు, బోరు. పొగే లేకుండా తగ్గుతుంటే బండి నిలబెట్టిన చోట కింద చుక్కలు వెతకండి. డ్రెయిన్ బోల్టు, క్లచ్ కవర్ ప్యాకింగ్, ముందు స్ప్రాకెట్ వెనక ఉన్న ఆయిల్ సీలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి తడిగా ఉంటుంది. పుల్లకు పాలు కలిపిన టీ రంగులో అంటితే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. మోకాలి లోతు వాననీళ్లలో దిగిన మర్నాడు ఇది కనిపిస్తే, పుల్ల ఎంత చూపినా సరే, ఆ ఆయిల్ దించి కొత్తది పోశాకే బండి కదపాలి.

ఈ వారం పని: ప్రతి పొద్దునా మీటరు రీడింగు, పుల్ల మీద మట్టం (పైన, సగం, కింద), చైన్ ఆట ఒకే వరుసలో రాయండి. చైన్‌కు నాలుగు చోట్ల కొలత ఆదివారం ఒక్కరోజు చాలు. వచ్చే పాఠంలో క్లచ్, ఎక్సలేటర్ కేబుళ్లు తెగే ముందు ఎక్కడ పోగులు లేస్తాయో చూద్దాం, ఈ కాగితం అప్పటిదాకా సీటు కిందే ఉంచండి.