పందుల షెడ్డుకు విడిగా ఒక జత బూట్లు

పందుల ప్రాణం తీసే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ మనుషులకు సోకదు. కానీ మన బూట్లకు అంటిన పేడతో, రక్తంతో షెడ్డులోకి వచ్చేస్తుంది. చాలామంది గుమ్మం దగ్గర మందునీళ్ల తొట్టి పెట్టి, ఒక్కసారి కాలు ముంచి లోపలికి వెళ్తారు. దయచేసి దాన్నే నమ్ముకోకండి. బురద అంటుకున్న బూటుపై మందు సరిగా పనిచేయదు. ముందు బ్రష్షుతో రుద్ది కడిగినా, క్లోరిన్ ద్రావణం ఈ వైరస్‌ను చంపాలంటే దాదాపు 30 నిమిషాలు తడిగా ఉండాలి. గుమ్మంలో అంతసేపు ఎవరు నిలబడతారు?

అందుకే గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల వేయండి. చెప్పులు బయటివైపే విడిచి, బల్లపై కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పి, అక్కడే ఉంచిన రబ్బరు బూట్లు తొడుక్కోండి. ఆ బూట్లు ఎప్పుడూ గడప దాటకూడదు. పార, బకెట్టు కూడా అంతే.

అన్నిటికంటే నాకు భయం పందులు కొనే వ్యాపారి గురించి, ఎందుకంటే ఆయన ఆ రోజే మరో నాలుగు దొడ్లు తిరిగి వచ్చి ఉంటాడు. ఎంత పరిచయస్థుడైనా లోపలికి రానివ్వకండి. అమ్మే పందిని మీరే ఆవరణ బయటికి తోలండి. బేరం కుదరకపోతే ఇబ్బందే, ఎందుకంటే వ్యాపారి బండి ఎక్కిన పందిని తిరిగి మందలో కలపకూడదు. కాబట్టి ధర ముందే ఫోనులో తేల్చుకోండి.