తెలుగు, ఉర్దూ రెండింట్లో వక్తను పరిచయం చేయడం ఎలా? రెండున్నర నిమిషాల్లోనే

కడపలో సభ పెడితే ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళూ ఉంటారు. పరిచయం రెండింట్లోనూ చేయాల్సిందే. కానీ చాలామంది చేసేదేమిటంటే, తెలుగులో రెండు నిమిషాలు చెప్పి, అదంతా ఉర్దూలో మళ్ళీ మొదటినుంచి చెబుతారు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్ళే ఊరు మనది. ఒకరి భాష ఇంకొకరికి వీధిలో, అంగడిలో ఎంతో కొంత చెవిన పడే ఉంటుంది. కాబట్టి రెండోసారి చెప్పేటప్పుడు సగంమందికి అది విన్నదే మళ్ళీ వినడం అవుతుంది. వాళ్ళు పక్కవాళ్ళతో మాటల్లో పడతారు, ఆ సందడిలో మిగతా సగానికి మీ ఉర్దూ వినపడదు.

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. పోస్టుకార్డంత అట్టముక్క, లావుపాటి అక్షరాలు, చేతికి గడియారం చాలు. ఉర్దూ మాటలు కూడా మీకు వేగంగా చదవడం వచ్చిన లిపిలోనే రాసుకోండి. వక్తకు ముందురోజే ఫోన్ చేసి, పేరు ఎలా పలకాలో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. బయోడేటా పంపిస్తే చదవండి గానీ సభకు తీసుకుపోవద్దు.

తర్వాత విషయాన్ని విడదీయాలి. వక్త ఎవరు, ఈరోజు ఏం చెబుతారు, పేరేమిటి అన్న మూడూ అందరికీ అందాలి. మిగిలిందంతా పంచేయండి. ఒక సంగతి ఉర్దూకు, ఇంకో సంగతి తెలుగుకు. తెలుగులో చెప్పిన కథ ఉర్దూలో రాకూడదు. ఇక్కడ చాలామందికి భయం వేస్తుంది, 'వాళ్ళకు అన్యాయం అవుతుందేమో' అని. కాదు. రెండు భాషల్లోనూ కొత్త సంగతి ఉన్నప్పుడే అందరూ చివరిదాకా వింటారు.

ఏ భాష ముందు? వక్త ఏ భాషలో మాట్లాడతారో అది చివర రావాలి. నేను ఇంకోలా ఎప్పుడూ చేయను. వక్త లేచేసరికి సభ చెవులు అప్పటికే ఆ భాషలో ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. షుగర్ ఉన్నవాళ్ళు పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పడానికి ఒక డాక్టరమ్మ వచ్చారు. ఆమె మాట్లాడేది తెలుగులో. కాబట్టి ఉర్దూ ముందు. 'అస్సలాము అలైకుమ్, నమస్కారం' అని రెండూ కలిపి ఒకేసారి అనేసి, ఇలా మొదలుపెట్టాలి:

'జిన్ కో షుగర్ హై, వొ ఖూన్ కీ జాంచ్ కరాతే హైఁ, పైర్ కోయీ నహీఁ దేఖ్తా. ఆజ్ జో డాక్టర్ సాహిబా ఆయీ హైఁ, వొ సబ్ సే పహ్లే పైర్ దేఖ్తీ హైఁ. పైర్ కా ఏక్ ఛోటా జఖ్మ్ బఢ్ జాయే, తో ఉస్ కా ఖర్చ్ ఆప్ జాన్తే హైఁ.'

వెంటనే, ఊపిరి తెగకుండా:

'ఆ ఖర్చు చూసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. చెప్పులో చిన్న రాయి ఉన్నా కాలికి తెలియకపోవడం, అక్కడ మొదలవుతుంది పుండు. ఈ డాక్టరమ్మ దగ్గరికి పోతే ముందు మన చెప్పులు చేతిలోకి తీసుకుని లోపల తడిమి చూస్తారు. పాదాన్ని ఇంట్లో రోజూ ఎలా చూసుకోవాలో ఈరోజు మనకు నేర్పుతారు.'

ఆ తర్వాత పేరు. అంతే. తీరిగ్గా చెప్పినా రెండున్నర నిమిషాలు దాటదు.

ఇందులో కష్టమైన చోటు ఒకటే, 'ఖర్చ్' దగ్గర ఉర్దూ ఆగి 'ఖర్చు' దగ్గర తెలుగు మొదలయ్యే మలుపు. పరిచయం చెడేది ఇక్కడే. మామూలుగా అందరూ ఏం చేస్తారు? కార్డు తిప్పుతారు, గొంతు సవరించుకుంటారు, 'ఇప్పుడు ఇదే తెలుగులో' అంటారు. ఆ మాట అన్న క్షణమే ఇప్పటిదాకా విన్నవాళ్ళకు సెలవిచ్చినట్టు. కాబట్టి భాష మారుతోందని ప్రకటించవద్దు. రెండు భాషల్లోనూ ఉన్న ఒక మాటను పట్టుకుని దాటండి. మనకు వాటికి కొదవ లేదు: ఖర్చు, జవాబు, హాజరు, తారీఖు, దుకాణం, బజారు. మొదటి భాషలో చివరి వాక్యం ఆ మాట దగ్గరికి చేరాలి, రెండో భాషలో మొదటి వాక్యం ఆ మాటతోనే లేవాలి.

మలుపుకు అటొకటి ఇటొకటి, ఆ రెండు వాక్యాలూ కంఠతా రావాలి. మిగతాది కార్డు చూసి చెప్పినా ఫర్వాలేదు, ఇక్కడ మాత్రం కళ్ళు దించకూడదు. కళ్ళు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. ఉర్దూ మాట్లాడేటప్పుడు ఉర్దూవాళ్ళు కూర్చున్నవైపు తిరిగితే, మిగతావాళ్ళకు 'ఇది మీకు కాదు' అని ఒంటితో చెప్పినట్టే. నేను ఉర్దూలో ఉన్నప్పుడు తెలుగువాళ్ళ ముఖాలు చూస్తాను, తెలుగులో ఉన్నప్పుడు ఉర్దూవాళ్ళవి. చూపు పడినవాళ్ళు వింటారు.

మలుపు విరిగిందో లేదో రెండు మూడు సెకన్లలో తెలిసిపోతుంది. తలలు పక్కకు తిరుగుతాయి. అప్పుడు గొంతు పెంచవద్దు, నడుమ రెండు వాక్యాలు వదిలేసి నేరుగా పేరుకు వెళ్ళిపోండి.

పేరు ఒక్కసారే, అన్నిటికంటే చివర. నేను చూసిన ఒక సభలో తెలుగు భాగం చివరే పేరు చెప్పేశారు. చప్పట్లు మోగాయి. వక్త, పెద్దాయన, కళ్ళజోడు తీసుకుని కుర్చీలోంచి లేచారు. అంతలో ఉర్దూ మొదలైంది. కూర్చోవాలో రావాలో తెలియక, కుర్చీ చేతిని పట్టుకుని అది అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు. ఆయన మైకు దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు కొట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. తెలుగులో 'వచ్చినారు' అని గౌరవంగా చెప్పి, ఉర్దూలో 'డాక్టర్ ఆయా హై' అనేవాళ్ళను ఎంతమందిని చూశానో. అది 'డాక్టరు వచ్చాడు' అన్నట్టుంటుంది. మగవారైతే 'ఆయే హైఁ', ఆడవారైతే 'ఆయీ హైఁ'. 'గారు' అన్నచోట 'సాహెబ్', 'సాహిబా' పడాలి. ఇంకొకటి, ఉర్దూ మీ ఇంటి భాష కాకపోతే 'నక్కో', 'హౌ' లాంటి మాటలు మైకులో వాడవద్దు. మీరు ప్రేమతో అన్నా, వెక్కిరించినట్టు వినపడుతుంది. అలాగని ముషాయిరా భాష కూడా వద్దు. దుకాణంలో పెద్దవారితో మాట్లాడేటప్పుడు వాడే ఉర్దూ సరిపోతుంది.

నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాకపోతే ఇంకొకరిని తోడు పెట్టుకోండి. అప్పుడు కూడా ఇద్దరూ మొదటినుంచీ పక్కపక్కనే నిలబడాలి, ఒకే మైకు ఉండాలి, సంగతులు ఇలాగే పంచుకోవాలి. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కితే ఆ నడకలోనే సభ చెదురుతుంది.

పేరు చెప్పగానే మైకు నుంచి రెండడుగులు పక్కకు జరిగి, మీరే ముందు చప్పట్లు మొదలుపెట్టండి. వక్త మైకు పట్టుకునేదాకా కొడుతూనే ఉండండి.