మార్చి 31 గోడౌన్ లెక్కకు ముందు: పెద్ద సరుకును శాంపిల్‌కు వదలకండి

పోయిన సెప్టెంబరు లెక్కలో, చెన్నైలో రెడ్ హిల్స్ వైపున్న ఒక విడిభాగాల గోడౌన్‌లో 73 లక్షల సరుకు తగ్గిందని రిపోర్టు వెళ్లింది. గోడౌన్ చూసుకునే ఆయన నాయుడుపేట మనిషి, పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాడు. రెండు రోజులు ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. మూడో రోజు ఖరీదైన సరుకంతా ఒక్కొక్కటిగా లెక్కపెడితే ఒక్క పెట్టె కూడా తగ్గలేదు. తప్పు మా శాంపిల్‌ది. ఆ బృందంలో నేనూ ఉన్నాను, రిపోర్టు మీద నా సంతకమూ ఉంది.

మళ్లీ మార్చి 31 వస్తోంది కాబట్టి రాస్తున్నాను. ట్యాగులు, టార్చిలైట్లు, సరుకు రాకపోకలు ఆపడం లాంటివి మీకు తెలిసినవే. వాటిని వదిలేస్తున్నాను.

శాంపిల్ సైజు ఎక్కడ మోసం చేస్తుంది

ఆ గోడౌన్ సరుకు లిస్టులో 4,000 లైన్లు. లైను విలువ అంటే ఆ ఐటెం ఎన్ని ఉన్నాయో దాన్ని రేటుతో గుణించినది. వాటిలో 40 లైన్లు గేర్‌బాక్సులు, పంపులు, ఒక్కోటీ దాదాపు 5 లక్షలు, మొత్తం 2 కోట్లు. మిగతా 3,960 లైన్లు వాషర్లు, హోసులు, ఫిల్టర్లు, సగటున 5,000 చొప్పున 1.98 కోట్లు. అంటే నూటికి ఒక లైనులోనే సగం డబ్బు ఉంది.

మాకు చెప్పిన లక్ష్యం, మొత్తం విలువ 5 శాతం తేడా లోపల రావాలి, 95 శాతం భరోసాతో. అందరూ వాడే సూత్రమే వాడాం:

```
n0 = (1.96 * CV / r)^2
n  = n0 / (1 + n0/N)
```

`r` మనం ఒప్పుకునే తేడా, ఇక్కడ 0.05. `N` మొత్తం లైన్లు, `n` లెక్కపెట్టాల్సిన లైన్లు. `CV` అంటే విలువల ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే వచ్చేది. అది ముందుగా తెలియదు కాబట్టి మా కుర్రాడు పైలట్‌గా 50 లైన్లు తీసి చూశాడు. "అన్నా, 1.2 వచ్చింది. 1,425 లైన్లు చాలు" అన్నాడు. గుణకారం సరిగ్గానే ఉంది. నేనూ తల ఊపాను.

ఆ 50లో గేర్‌బాక్సు ఒక్కటీ లేదు. ఉండకపోవడంలో వింతేమీ లేదు. నూటికి ఒకటున్న వస్తువు 50 తీస్తే ఒక్కటీ చేతికి రాని అవకాశం 60 శాతం. అది రాకపోతే మిగిలేవన్నీ ఒకే రకం చిన్న సరుకే, CV బుద్ధిగా కనిపిస్తుంది. ఆ లిస్టు అసలు CV 5కు దగ్గర. ఆ అంకెతో వేస్తే సూత్రం 3,600 పైచిలుకు లైన్లు లెక్కపెట్టమంటుంది. అంటే శాంపిలే అక్కర్లేదు, మొత్తం లెక్కపెట్టుకోమని.

మేం 1,425 లెక్కపెట్టాం. 40 పెద్ద లైన్లలో 14 రావాల్సింది, 9 వచ్చాయి. ఆ లెక్కను 4,000 లైన్లకు పెంచి చూస్తే మొత్తం 3.25 కోట్లని తేలింది. ఖాతా పుస్తకంలో 3.98 ఉంది. నిజానికి ఆ పద్ధతికి తేడా 20 శాతం అటూ ఇటూ ఉంటుంది. మేం మాత్రం ప్లానులో రాసుకున్న 5 శాతాన్నే రిపోర్టులోనూ రాశాం.

నేను చూసిన గోడౌన్ గొడవల్లో చాలావాటికి మూలం ఇదే: చిన్న పైలట్‌లో పెద్ద సరుకు తగలదు, CV తక్కువ వస్తుంది, శాంపిల్ తగ్గుతుంది, అయినా తేడా శాతం అందంగా కనిపిస్తుంది. పెద్ద సరుకు శాంపిల్‌లోకి రాకపోయినప్పుడే మొత్తం తక్కువగానూ వస్తుంది, లెక్క కచ్చితంగానూ కనిపిస్తుంది. ఆ రెండూ కలిసే వస్తాయి.

పెద్దవి విడిగా

లిస్టును పుస్తక విలువ ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. పై నుంచి కూడుతూ రండి. కొద్ది లైన్లలోనే సగం దగ్గరికి వచ్చిందంటే ఆ లైన్లన్నీ లెక్కపెట్టాల్సిందే. శాంపిల్ మిగతావాటికే.

మా గోడౌన్‌లోనే చూడండి. 40 లైన్లు పూర్తిగా లెక్కపెడితే వాటి వల్ల శాంపిల్ తేడా సున్నా. మొత్తం 3.98 కోట్లలో 5 శాతమంటే సుమారు 20 లక్షలు. ఆ 20 లక్షల వెసులుబాటంతా 1.98 కోట్ల చిన్న సరుకుకే దక్కుతుంది, అంటే అక్కడ 10.05 శాతం తేడా ఉన్నా పర్వాలేదు. CV 1.2తో సూత్రం 481 అంటుంది. మొత్తం 521 లైన్లు. 1,425 లెక్కపెట్టి పరువు పోగొట్టుకున్నచోట 521తో పనైపోయేది. పెద్దవి లెక్కపెట్టడానికి మాకు పట్టింది ఒక్క మధ్యాహ్నం.

ఇక్కడ ఒక చిక్కుంది. పేర్చేది పుస్తక విలువతో కదా, పుస్తకమే తప్పయితే? 45,000 రేటున్న పంపును ఎవరో 450 అని కొడితే అది చిన్న సరుకులో దాక్కుంటుంది. అందుకే గోడౌన్‌లో ఏళ్లుగా తిరిగే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చిన్న లిస్టును రేట్ల ప్రకారం ఒకసారి చదివించండి. "ఇది ఇంత చవకా?" అని ఆయన ఆగినచోట మీరూ ఆగండి.

పుస్తకంతో తేడా చూసే పద్ధతి

శాంపిల్ లైన్లలో పుస్తక విలువకూ లెక్కకూ ఉన్న తేడాను మాత్రం అంచనా వేస్తే చిన్న శాంపిల్‌తోనే సరిపోతుంది. మంచి పద్ధతే, కానీ అదే గొయ్యి ఇక్కడా ఉంది. 3,960 లైన్లలో 8 మాత్రమే తప్పనుకోండి. 481 తీస్తే ఆ ఎనిమిదిలో ఒక్కటీ తగలని అవకాశం మూడింట ఒక వంతు. అప్పుడు తేడా సున్నా, దాని విచలనమూ సున్నా. దాన్ని "పొరపాటు 0 శాతం" అని రాసేవాళ్లున్నారు. కనబడని తప్పును సూత్రం కొలవలేదు.

ఇక మిగిలినవి, వరుస లేకుండా:

పెద్దవి విడిగా లెక్కపెట్టండి. మళ్లీ చెబుతున్నాను, విడిగా.

పైలట్ CVని నమ్మకండి. పుస్తక విలువల మీదే CV కట్టండి, మొత్తం లిస్టు మీ చేతిలోనే ఉంది కదా.

లెక్క అయ్యాక అసలు శాంపిల్‌తో తేడా శాతం మళ్లీ కట్టండి. ప్లానులో ఉన్న అంకెను రిపోర్టులో రాయకండి.

లెక్కపెట్టేవాడికి పుస్తకం అంకె చూపించకండి.

శాంపిల్‌లో వచ్చిన బిన్ పైన ఉంది, నిచ్చెన లేదని పక్క బిన్ లెక్కపెట్టకండి. నిచ్చెన తెప్పించండి.

పుస్తకంలో సున్నా ఉన్న లైన్లను తీసేయకండి, ర్యాక్ మీద సరుకు ఉండొచ్చు. కొన్ని ర్యాకుల నుంచి లిస్టుకు వెనక్కి కూడా చూడండి.

పెట్టెలా, పీసులా? ట్యాగ్ మీద "12" అని ఒక్కటే రాసి ఉంటే తిప్పి పంపండి. బేరింగులు పది పీసుల పెట్టెలుగా వస్తాయి, అక్కడే విలువ పదింతలు తేడా పడుతుంది.

తడిసి అడుగు మెత్తబడిన అట్టపెట్టెలను కొన్న రేటుకు కట్టకండి. అమ్మితే వచ్చేది తక్కువైతే ఆ తక్కువకే.

అంకె నచ్చేదాకా శాంపిల్ పెంచుకుంటూ పోకండి.

శాంపిల్ అంకె చూసి దొంగతనం అనే మాట రాయకండి. ముందు పెద్ద లైన్లు లెక్కపెట్టండి.