చుక్క ఎక్కడ పెట్టాలో నాయిన మాటల్లోనే ఉంది

నల్గొండ దగ్గరి మా బత్తాయి తోట గురించి నాయిన పంపిన వాయిస్ నోట్‌ను ఫోన్ ఇలా రాసింది: "మంగళవారం నీళ్లు పెట్టి కాదు బుధవారం పెట్టి అదే ఎరువు వేసినం కాయ రాలుతుంది ఇది తెగులు కాదు ఎండ"

దాన్ని సరిదిద్దుతూ, నాయిన ఆగిన ప్రతిచోటా చుక్క పెడితే "నీళ్లు పెట్టి." అని ముక్కలైంది. ఆయన ఊపిరి కోసం కూడా ఆగుతాడు. "పెట్టి" దగ్గర మాట ఇంకా నడుస్తోంది, "వేసినం" దగ్గరే పూర్తయింది. చుక్క అక్కడే.

మొదటి "కాదు" దిద్దుబాటు: బుధవారం వచ్చి మంగళవారాన్ని కొట్టేసింది. రెండోది నిజంగానే కాదనడం. అన్ని "కాదు"లూ ఒకేసారి తీసేస్తే ఎండ దెబ్బ కాస్తా తెగులైపోతుంది! "అదే" ఉత్త ఊతపదం, తీసేశాను. అనుమానమొస్తే ఆడియో మళ్లీ విన్నాను.

"బుధవారం నీళ్లు పెట్టి ఎరువు వేసినం.

కాయ రాలుతుంది. ఇది తెగులు కాదు, ఎండ."

పని ముగిసి కాయ సంగతి మొదలైన చోట పేరా మార్చాను. "వేసినం"ను మాత్రం "వేశాం" చేయలేదు, అది నాయిన మాట.